కొత్త భాగస్వామి వస్తున్నప్పుడు గుడ్‌విల్: ఏ పద్ధతిలో లెక్కకట్టాలి, ఎవరి ఖాతాలో సర్దాలి

నడుస్తున్న భాగస్వామ్య వ్యాపారంలోకి కొత్త మనిషి వస్తున్నాడంటే గుడ్‌విల్ గురించి రెండు ప్రశ్నలు తేలాలి. వ్యాపారానికి ఉన్న మంచిపేరుకి విలువ ఎంత? ఆ విలువలో కొత్తవాడు ఇవ్వాల్సిన భాగం ఎవరికి చేరాలి? మొదటి ప్రశ్నకి నాలుగైదు పద్ధతులున్నాయి, ఒక్కో పద్ధతి ఒక్కో అంకె చెబుతుంది, చివరికి అందరూ కూర్చుని ఒకదానికి ఒప్పుకోవాలి. రెండోదానికి మాత్రం సూత్రం ఒక్కటే: లాభంలో వాటా ఎవరు వదులుకుంటే వారికి, వదులుకున్నంత మేరకు. నేను చూసిన తగాదాల్లో ఎక్కువ భాగం ఈ రెండో ప్రశ్న దగ్గరే పుట్టాయి. అందుకే ఈ వ్యాసంలో పద్ధతుల పోలికకి ఎంత చోటిచ్చానో సర్దుబాటుకీ అంతే ఇస్తున్నాను.

అంతా ఒకే ఉదాహరణ మీద నడుపుదాం. ఒక పట్టణంలో అన్నదమ్ములు ఎలక్ట్రికల్ సామాన్ల షాపు నడుపుతున్నారు. లాభం 3:2 పంచుకుంటారు, అంటే అన్నకి 60 శాతం, తమ్ముడికి 40. ఆస్తులు, అప్పులు మళ్ళీ విలువకట్టాక అన్న మూలధనం 18 లక్షలు, తమ్ముడిది 12 లక్షలు తేలింది. ఇప్పుడు మేనల్లుడిని 20 శాతం వాటాకి తీసుకుంటున్నారు. 1932 భాగస్వామ్య చట్టం 31వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, పాత భాగస్వాములందరూ ఒప్పుకుంటేనే కొత్తవాడు లోపలికి రాగలడు. 14వ సెక్షన్ గుడ్‌విల్‌ని కూడా సంస్థ ఆస్తిగానే చూస్తుంది. కాబట్టి మేనల్లుడు 20 శాతం లాభానికి హక్కుదారు అవుతున్నాడంటే ఆ కనిపించని ఆస్తిలోనూ 20 శాతం అందుకుంటున్నట్టే.

ఎంచుకునే ముందు చూడాల్సినవి

పద్ధతి ఏదైనా ముందు నాలుగు విషయాలు తేల్చుకోండి. పుస్తకాల్లో కనిపించే లాభం నిజంగా వ్యాపారం సంపాదించినదేనా? ఆ లాభం రావడానికి ఎంత పెట్టుబడి పట్టింది? మీరు ఊహించి వేసే అంకె, అంటే రాబడి రేటో, ఎన్నేళ్ళ లాభాన్ని గుడ్‌విల్‌గా కట్టాలో చెప్పే కొనుగోలు సంవత్సరాల సంఖ్యో, కొంచెం మారితే గుడ్‌విల్ ఎంత మారుతుంది? చివరిది, ఆ లాభం షాపు వల్ల వస్తోందా, ఒక మనిషి వల్ల వస్తోందా?

వీటిలో మొదటిది అన్నిటికన్నా ముఖ్యం. దాన్ని సరిచూడకుండా ఏ సూత్రం వాడినా వచ్చే అంకె తప్పే. మన షాపు మూడేళ్ళ లాభాలు ఇలా ఉన్నాయి:

| సంవత్సరం | పుస్తకాల లాభం (రూ.) | సవరణ (రూ.) | సవరించిన లాభం (రూ.) |
|---|---|---|---|
| 2022-23 | 8,40,000 | + 60,000 | 9,00,000 |
| 2023-24 | 11,60,000 | – 2,00,000 | 9,60,000 |
| 2024-25 | 10,20,000 | లేదు | 10,20,000 |

మొదటి ఏడాది షార్ట్ సర్క్యూట్ వల్ల గోడౌన్‌లో సరుకు కాలిపోయింది, దానికి ఇన్సూరెన్స్ రాలేదు. అలాంటి నష్టం ప్రతి ఏడాదీ వచ్చేది కాదు కాబట్టి తిరిగి కలిపాం. రెండో ఏడాది పాత గోడౌన్ అమ్మితే 2 లక్షల లాభం వచ్చింది. షాపు వ్యాపారానికి దానితో సంబంధం లేదు కాబట్టి తీసేశాం. సవరించాక సగటు 9,60,000.

లెక్క ఇంకా పూర్తవలేదు. అన్నదమ్ములిద్దరూ ఉదయం నుంచి రాత్రి దాకా షాపులోనే ఉంటారు కానీ జీతం తీసుకోరు. వాళ్ళ స్థానంలో బయటి మనుషుల్ని పెడితే నెలకి తలా 15,000 ఇవ్వాలి, అంటే ఏడాదికి 3,60,000. అది వాళ్ళ కష్టానికి దక్కే కూలి. షాపు పేరు సంపాదించినది కాదు. దాన్ని తీసేస్తే వ్యాపారం తనంతట తాను సంపాదించే సగటు లాభం 6,00,000. సవరణలేవీ చేయకుండా పుస్తకాల అంకెల సగటే తీసుకుని ఉంటే 10 లక్షలు దాటేది. సొంత బిల్డింగ్‌లో అద్దె లేకుండా షాపు నడుపుతున్నవారు కూడా మార్కెట్ అద్దెని ఇలాగే తీసేయాలి.

ఒక జాగ్రత్త. భాగస్వాముల జీతం తీసేశాం కదా అని వాళ్ళ మూలధనం మీద వడ్డీ కూడా ఇక్కడే తీసేయకండి. అధిక లాభ పద్ధతిలో సాధారణ రాబడి పేరుతో పెట్టుబడి ప్రతిఫలాన్ని ఎలాగూ విడిగా తీసేస్తాం. రెండు చోట్లా తీస్తే ఒకే ఖర్చు రెండుసార్లు పడి, గుడ్‌విల్ అన్యాయంగా తగ్గిపోతుంది.

సగటు లాభ పద్ధతి

సవరించిన సగటు లాభాన్ని కొనుగోలు సంవత్సరాలతో హెచ్చిస్తారు. రెండేళ్ళ కొనుగోలు అనుకుంటే 6,00,000 × 2 = 12,00,000. లాభాలు ఏటా పెరుగుతూనో తగ్గుతూనో ఉంటే ఇటీవలి ఏళ్ళకి ఎక్కువ బరువు ఇచ్చి భారిత సగటు తీస్తారు. మన అంకెలకి 1, 2, 3 బరువులు వేస్తే సగటు 9,80,000, జీతాలు పోగా 6,20,000, రెండేళ్ళకి 12,40,000.

లెక్క ఇంత తేలిక కావడమే ఈ పద్ధతి బలం. చదువు తక్కువ ఉన్న భాగస్వామికి కూడా అయిదు నిమిషాల్లో అర్థమవుతుంది. కానీ లోపం పెద్దది. ఈ 6 లక్షల లాభం 30 లక్షల పెట్టుబడితో వచ్చిందా, 60 లక్షలతో వచ్చిందా అని ఇది అడగదు. మన షాపు పెట్టుబడి 45 లక్షలు అనుకోండి. ఈ రిస్కుకి 15 శాతం రాబడి మామూలే అయితే ఏడాదికి 6,75,000 రావాలి, వస్తున్నది 6 లక్షలే. అలాంటి షాపుకి అదనపు విలువ లేనట్టే. సగటు పద్ధతి మాత్రం అప్పుడు కూడా 12 లక్షలు చూపిస్తుంది.

పెట్టుబడి తక్కువగా ఉండి పని మీద నడిచే వృత్తులకి, అంటే ట్యూషన్ సెంటర్, ఆడిటర్ ఆఫీసు, చిన్న క్లినిక్ లాంటివాటికి, ఈ లోపం పెద్దగా బాధించదు. కుర్చీలు, కంప్యూటర్లు తప్ప పెట్టుబడి లేని చోట సాధారణ రాబడి తీసినా తీయకపోయినా తేడా తక్కువ. అక్కడ చూడాల్సింది కొనుగోలు సంవత్సరాల సంఖ్య. పేరున్న డాక్టర్‌ని చూసి వచ్చే పేషెంట్లు ఆయన లేకపోతే ఎంతకాలం వస్తారో అన్ని సంవత్సరాలే పెట్టాలి. ఒక్క మనిషి మీద నడిచే వృత్తికి మూడేళ్ళు ఎక్కువని నా అభిప్రాయం.

అధిక లాభ పద్ధతి

చాలామంది సూపర్ ప్రాఫిట్ అని పిలిచేది ఇదే. పెట్టుబడి మీద మామూలుగా రావాల్సినదాన్ని తీసేసి, ఆపైన మిగిలినదాన్నే గుడ్‌విల్‌కి ఆధారంగా తీసుకుంటారు. మన షాపులో వినియోగించిన మూలధనం 30 లక్షలు, సాధారణ రాబడి రేటు 15 శాతం అనుకుంటే 4,50,000. వాస్తవ సగటు లాభం 6,00,000 కాబట్టి అధిక లాభం 1,50,000. మూడేళ్ళ కొనుగోలుకి గుడ్‌విల్ 4,50,000.

సగటు పద్ధతి చెప్పిన 12 లక్షలకీ ఈ నాలుగున్నర లక్షలకీ ఎంత తేడా ఉందో చూడండి. షాపు అదే, లాభం అదే. సగటు పద్ధతి మొత్తం లాభానికి వెలకట్టింది, ఇది మామూలు షాపుకన్నా ఎక్కువ వచ్చే లాభానికి మాత్రమే వెలకట్టింది. కొత్తవాడి వైపు నుంచి ఆలోచిస్తే ఇదే న్యాయం. మేనల్లుడు తన మూలధనం వేరే చోట పెట్టినా మామూలు రాబడి వస్తుంది. దానికోసం అతను ప్రీమియం, అంటే గుడ్‌విల్‌లో తన వాటాకి ఇచ్చే డబ్బు, ఎందుకు కట్టాలి?

ఇక్కడ తప్పు జరిగేది వినియోగించిన మూలధనం దగ్గర. పుస్తకాల్లో ఉన్న అంకెని అలాగే ఎత్తి వాడేస్తుంటారు. అమ్ముడుపోని పాత సరుకు, రాని బాకీలు, వ్యాపారంతో పనిలేని పెట్టుబడులు, ఆస్తుల వైపు ఇప్పటికే కనిపిస్తున్న పాత గుడ్‌విల్, ఇవన్నీ తీసేశాకే ఆ అంకె వాడాలి. అవి ఉండిపోతే మూలధనం పెద్దదిగా కనిపించి, సాధారణ రాబడి పెరిగి, గుడ్‌విల్ తగ్గిపోతుంది. పాత భాగస్వాములు ఏ కారణమూ లేకుండా నష్టపోతారు. ఆస్తులు, అప్పులు మళ్ళీ విలువకట్టే పునర్మూల్యాంకన ఖాతా ముందు తయారుచేసి ఆ తర్వాతే గుడ్‌విల్ జోలికి వెళ్ళమనడానికి కారణం ఇదే.

ఇదే అధిక లాభానికి యాన్యుటీ పద్ధతి కూడా ఉంది. రాబోయే మూడేళ్ళ అధిక లాభాల ఇప్పటి విలువ కట్టడమే అది. 15 శాతం చొప్పున మన షాపుకి సుమారు 3,42,000 వస్తుంది. తర్కం చక్కగానే ఉంటుంది కానీ చిన్న వ్యాపారాల్లో వాడేవారు అరుదు కాబట్టి దాన్ని ఇక్కడితో వదిలేస్తున్నాను.

మూలధనీకరణ పద్ధతి

6 లక్షల లాభం రావాలంటే 15 శాతం చొప్పున మామూలుగా ఎంత పెట్టుబడి కావాలి? 6,00,000ని 15తో భాగించి 100తో హెచ్చిస్తే 40,00,000. ఉన్నది 30 లక్షలు. మిగిలిన 10 లక్షల పని గుడ్‌విల్ చేస్తోందని అర్థం. అధిక లాభం 1,50,000ని నేరుగా 15 శాతంతో మూలధనీకరణ చేసినా అదే 10 లక్షలు వస్తుంది. రెండు దారుల్లో వేర్వేరు అంకెలు వస్తే మీ లెక్కలో ఎక్కడో తప్పుంది.

ఈ పద్ధతి లోపల ఒక పెద్ద ఊహ దాగి ఉంది. 15 శాతంతో భాగించడమంటే 6.67తో హెచ్చించడమే. అంటే అధిక లాభ పద్ధతిలో మూడేళ్ళు పెట్టిన చోట ఇక్కడ దాదాపు ఏడేళ్ళు పెట్టినట్టయింది. అధిక లాభం ఎప్పటికీ ఇలాగే వస్తుందని నమ్మితేనే ఇది సరైన లెక్క. పక్క వీధిలో పెద్ద షోరూమ్ తెరిస్తే మారిపోయే వ్యాపారానికి ఇంత నమ్మకం పెట్టడం కష్టం. ఏళ్ళ తరబడి నిలకడగా నడుస్తూ, పెట్టుబడి భారీగా ఉన్న వ్యాపారానికైతే ఆలోచించవచ్చు.

ఇక మూడో ప్రశ్న, ఊహించిన అంకె మారితే ఏమవుతుంది? మిగతావన్నీ అలాగే ఉంచి సాధారణ రాబడి రేటు ఒక్కటే మార్చి చూద్దాం.

| సాధారణ రాబడి రేటు | సగటు లాభం, 2 ఏళ్ళు (రూ.) | అధిక లాభం, 3 ఏళ్ళు (రూ.) | మూలధనీకరణ (రూ.) |
|---|---|---|---|
| 12% | 12,00,000 | 7,20,000 | 20,00,000 |
| 15% | 12,00,000 | 4,50,000 | 10,00,000 |
| 18% | 12,00,000 | 1,80,000 | 3,33,333 |

రేటు 12 నుంచి 18కి వెళ్తే అధిక లాభ పద్ధతిలో గుడ్‌విల్ నాలుగో వంతుకి పడిపోయింది. మూలధనీకరణలో ఆరో వంతుకి పడిపోయింది. అందుకే ఈ రెండు పద్ధతుల్లో అసలు బేరం రాబడి రేటు మీదే జరుగుతుంది. ఆ రేటుని ముందే, గుడ్‌విల్ అంకె ఎవరికీ తెలియకముందే ఒప్పుకోండి. బ్యాంకు ఫిక్స్‌డ్ డిపాజిట్ వడ్డీ తీసుకుని, వ్యాపారంలో ఉండే రిస్కుకి దాని పైన కొంత కలపడం ఒక మార్గం. అదే లైన్‌లో ఉన్న షాపులు పెట్టుబడి మీద ఎంత సంపాదిస్తున్నాయో తెలిస్తే అది ఇంకా మంచి ఆధారం. అంకె చూశాక రేటు మార్చడం మొదలుపెడితే ఆ చర్చ తెగదు.

నా సలహా అడిగితే, సరుకు, పెట్టుబడి ఉన్న మామూలు షాపుకి అధిక లాభ పద్ధతి, మూడేళ్ళ కొనుగోలు. ఊహలకి కాస్త తట్టుకుంటుంది, కొత్తవాడికీ పాతవాళ్ళకీ వివరించి చెప్పడం తేలిక. మేనమామలూ మేనల్లుడూ కూడా దానికే ఒప్పుకుని, గుడ్‌విల్ 4,50,000గా ఖాయం చేసుకున్నారనుకుందాం. మేనల్లుడి 20 శాతానికి అయ్యే ప్రీమియం 90,000.

ఇంటర్, బీకాం, సీఏ ఫౌండేషన్ పరీక్షలు రాసేవారికి ఎంపిక ఉండదు, ప్రశ్నే పద్ధతి చెబుతుంది. ఏమీ చెప్పకుండా కొత్త భాగస్వామి మూలధనం, వాటా మాత్రమే ఇస్తే అది దాగి ఉన్న గుడ్‌విల్ లెక్క. ఉదాహరణకి మేనల్లుడు 1/5 వాటాకి 10 లక్షల మూలధనం తెచ్చాడంటే, ఆ లెక్కన సంస్థ మొత్తం 50 లక్షలు ఉండాలి. అందరి మూలధనాలు కలిపితే 40 లక్షలే. తేడా 10 లక్షలే గుడ్‌విల్. గుడ్‌విల్ విలువ ప్రశ్నలోనే ఇచ్చినప్పుడు ఈ లెక్క చేయకూడదు.

వాటా ఎవరు వదులుకున్నారు?

ఇప్పుడు అసలు గట్టి చిక్కు. 90,000ని అన్నదమ్ములు పాత నిష్పత్తి 3:2లోనే పంచుకోవాలా? మేనల్లుడి 20 శాతం ఎక్కడి నుంచి వచ్చిందో చూస్తేనే తేలుతుంది. పాత వాటాలోంచి కొత్త వాటా తీసేస్తే త్యాగం తెలుస్తుంది.

ఇద్దరూ తమ నిష్పత్తిలోనే వదులుకుంటే కొత్త వాటాలు 48, 32, 20 శాతం అవుతాయి. అన్న వదిలింది 12 శాతం, తమ్ముడు వదిలింది 8. అప్పుడు మాత్రమే 3:2 సరైనది, అన్నకి 54,000, తమ్ముడికి 36,000. మేనల్లుడి వాటా మొత్తం అన్న ఒక్కడే ఇస్తే 90,000 అన్నదే, తమ్ముడికి ఏమీ రాదు.

మన షాపులో జరిగింది ఇంకో రకం. అన్నకి వయసు పైబడింది, బాధ్యతలు తగ్గించుకుంటున్నాడు. కొనుగోళ్ళు, కాంట్రాక్టర్లతో వ్యవహారం ఇక తమ్ముడే చూసుకుంటాడు. అందుకని కొత్త వాటాలు అన్నకి 35, తమ్ముడికి 45, మేనల్లుడికి 20 శాతంగా రాసుకున్నారు. అన్న వదులుకున్నది 25 శాతం. దానిలో 20 మేనల్లుడికి, 5 తమ్ముడికి వెళ్ళాయి.

"అన్నయ్యా, కొత్తగా వచ్చేది వాడు. నేను ఎందుకు కట్టాలి?" అని తమ్ముడు అడగడం సహజం. వాటా పెరిగింది కాబట్టి కట్టాలి. కొత్తవాడా పాతవాడా అన్నది గుడ్‌విల్ చూడదు. 4,50,000లో 5 శాతం, 22,500 తమ్ముడు ఇవ్వాలి. మేనల్లుడిచ్చే 90,000 కలిపి అన్నకి చేరాల్సింది 1,12,500. అది సరిగ్గా 4,50,000లో 25 శాతం. వచ్చే కొత్తవాడి మీదే దృష్టంతా ఉండడం వల్ల ఈ 22,500 ఎవరి లెక్కలోకీ రాకుండా పోయే ప్రమాదం ఉంది. అలా పోతే నష్టం అన్నకి.

"మామయ్యా, నేను తెచ్చే మూలధనం సరుకులోకి వెళ్తుంది కదా, మళ్ళీ ఈ తొంభై వేలు దేనికి?" అని మేనల్లుడికీ సందేహం రావచ్చు. మూలధనం అతని పేరు మీదే అతని ఖాతాలో ఉంటుంది. రేపు బయటికి వెళ్తే తిరిగి వస్తుంది. 90,000 మాత్రం, ఏళ్ళ తరబడి కట్టుకున్న కస్టమర్ల వల్ల మొదటి రోజు నుంచే అతనికి వచ్చే అదనపు లాభం ఖరీదు. అతను వెళ్ళిపోయే రోజున గుడ్‌విల్ మళ్ళీ లెక్కకట్టి, తన వాటా మేరకు అతనూ అందుకుంటాడు.

పుస్తకాల్లో సర్దే దారులు

ఎంత, ఎవరికి అన్నది తేలాక మిగిలింది ఎలా అన్నదే. ఇక్కడ ఎంపిక మేనల్లుడి చేతిలో డబ్బు ఉందా, వ్యాపారానికి డబ్బు అవసరమా అన్నవాటిని బట్టి ఉంటుంది.

డబ్బు నేరుగా అన్న చేతికి ఇచ్చేయడం మొదటి దారి. సంస్థ పుస్తకాల్లో ఒక్క ఎంట్రీ కూడా ఉండదు. పరీక్షలో ఇదే జవాబు: చిట్టాపద్దు అవసరం లేదు. నిజ జీవితంలో ఈ దారి నాకు నచ్చదు. పదేళ్ళ తర్వాత మేనల్లుడు బయటికి వెళ్తున్నప్పుడు అతను గుడ్‌విల్ కట్టాడని చూపించే కాగితం ఉండదు. తప్పక ఇదే చేయాల్సి వస్తే బ్యాంకు ద్వారా ఇచ్చి, ఆ సంగతి కొత్త భాగస్వామ్య ఒప్పందపత్రంలో రాయండి. 2 లక్షలు, అంతకు మించిన మొత్తాన్ని నగదుగా తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం ఎలాగూ ఒప్పుకోదు.

రెండో దారి, ప్రీమియం సంస్థ బ్యాంకు ఖాతాలోకి తెచ్చి అక్కడే ఉంచడం. మేనల్లుడు మూలధనం 7,50,000 తెస్తున్నాడనుకుందాం. మిగతా ఇద్దరి 30 లక్షలు 80 శాతం వాటావి కాబట్టి 20 శాతానికి సమానంగా వచ్చేది అదే. ఎంట్రీలు ఇలా పడతాయి:

| వివరం | డెబిట్ (రూ.) | క్రెడిట్ (రూ.) |
|---|---|---|
| బ్యాంకు ఖాతా | 8,40,000 | |
| మేనల్లుడి మూలధన ఖాతా | | 7,50,000 |
| గుడ్‌విల్ ప్రీమియం ఖాతా | | 90,000 |
| గుడ్‌విల్ ప్రీమియం ఖాతా | 90,000 | |
| తమ్ముడి మూలధన ఖాతా | 22,500 | |
| అన్న మూలధన ఖాతా | | 1,12,500 |

అన్న మూలధనం 19,12,500కి పెరిగింది, తమ్ముడిది 11,77,500కి తగ్గింది. ముగ్గురివీ కలిపితే 38,40,000, అంటే పాత 30 లక్షలూ కొత్తగా వచ్చిన 8,40,000. సరిపోయింది. సరుకుకి డబ్బు కావాల్సిన షాపుకి ఇదే మంచి దారి. అన్నకి కూడా నష్టం లేదు, మూలధనం మీద వడ్డీ ఇచ్చే షరతు ఉంటే ఆ 1,12,500కీ వడ్డీ వస్తుంది.

ప్రీమియాన్ని తెచ్చాక అన్న మొత్తంగానో సగమో తీసేసుకోవడం మూడో దారి. పై ఎంట్రీలకి అదనంగా అన్న మూలధన ఖాతా డెబిట్, బ్యాంకు ఖాతా క్రెడిట్ వస్తాయి. షాపు మీద ఆధారపడకుండా డబ్బు చేతికి కావాలనుకునే పెద్దవాళ్ళకి ఇది సరిపోతుంది. పెద్ద మొత్తాలైతే తీసే ముందు ఆడిటర్‌ని అడగండి. 2021లో వచ్చిన మార్పుల తర్వాత, సంస్థ పునర్వ్యవస్థీకరణ సమయంలో భాగస్వామి తన మూలధన నిల్వని మించి డబ్బు తీసుకుంటే సంస్థ మీద పన్ను పడే అవకాశం ఉంది. ఆ నిల్వ లెక్కలో సొంతంగా పుట్టిన గుడ్‌విల్ వల్ల పెరిగిన భాగాన్ని కలపరు.

నాలుగోది, మేనల్లుడి దగ్గర మూలధనం తప్ప ప్రీమియానికి డబ్బు లేనప్పుడు. సంస్థ పుస్తకాల్లో మూలధన ఖాతా కాకుండా విడిగా ఉంచే అతని కరెంట్ ఖాతా 90,000, తమ్ముడి మూలధన ఖాతా 22,500 డెబిట్ చేసి, అన్న ఖాతాని 1,12,500తో క్రెడిట్ చేస్తారు. 50,000 మాత్రమే తేగలిగితే ఆ మేరకు ప్రీమియం ఖాతా, మిగిలిన 40,000కి కరెంట్ ఖాతా. డెబిట్ మూలధన ఖాతాకి కాకుండా కరెంట్ ఖాతాకి వేయడం వల్ల అతని మూలధనం ఒప్పుకున్న 7,50,000 దగ్గరే నిలుస్తుంది. తర్వాత వచ్చే లాభాల్లోంచి ఆ బాకీ తీరుతుంది. చదువు ముగించి వచ్చిన కుర్రవాడికి ఇది దయగల ఏర్పాటు. కాని ఆ బాకీ తీరేదాకా అన్న వడ్డీ లేని అప్పు ఇచ్చినట్టే. కరెంట్ ఖాతా డెబిట్ నిల్వ మీద వడ్డీ ఉంటుందా లేదా, ఎన్నాళ్ళలో తీర్చాలి అన్నవి ఒప్పందంలో రాసుకోండి.

పాత పుస్తకాల్లో కనిపించే ఇంకో దారి ఉంది. 4,50,000 గుడ్‌విల్‌ని ఆస్తిగా పుస్తకాల్లో చూపించి అలాగే ఉంచేయడం. ఇప్పుడది కుదరదు. ఐసీఏఐ అకౌంటింగ్ స్టాండర్డ్ 26 ప్రకారం సొంతంగా పుట్టిన గుడ్‌విల్‌ని ఆస్తిగా నమోదు చేయకూడదు, డబ్బిచ్చి కొన్నదాన్నే చూపాలి. పన్నులో తరుగుదల కోసం చూపిద్దామన్నా లాభం లేదు, 2021 మార్పులతో గుడ్‌విల్ మీద తరుగుదల కూడా పోయింది. పుస్తకాల్లో ఇప్పటికే పాత గుడ్‌విల్ ఉంటే, కొత్తవాడు రాకముందే పాత భాగస్వాముల మధ్య పాత నిష్పత్తిలో రద్దు చేయండి. మేనల్లుడికి ఆ రద్దుతో సంబంధం ఉండకూడదు.

అయితే ఆ పాత దారి చిత్తుకాగితం మీద లెక్క సరిచూసుకోవడానికి బాగా పనికొస్తుంది. గుడ్‌విల్‌ని పాత నిష్పత్తిలో క్రెడిట్ చేసి, వెంటనే కొత్త నిష్పత్తిలో డెబిట్ చేసి చూడండి:

| | పాత నిష్పత్తిలో క్రెడిట్ | కొత్త నిష్పత్తిలో డెబిట్ | నికరం |
|---|---|---|---|
| అన్న | 2,70,000 | 1,57,500 | + 1,12,500 |
| తమ్ముడు | 1,80,000 | 2,02,500 | – 22,500 |
| మేనల్లుడు | లేదు | 90,000 | – 90,000 |

నికరం మొత్తం సున్నా రావాలి, ప్రతి ఒక్కరి అంకే పై ఎంట్రీలతో కలవాలి. త్యాగ నిష్పత్తి దగ్గర తికమకపడే విద్యార్థికి ఇంతకన్నా మంచి సరిచూపు నాకు తెలియదు.

చివరిగా తేదీ సంగతి. మేనల్లుడిని ఏప్రిల్ 1న తీసుకుంటే లెక్క శుభ్రంగా ఉంటుంది. అక్టోబరులో వస్తే అప్పటిదాకా వచ్చిన లాభం పాత 3:2లోనే అన్నదమ్ములకి చెందుతుంది. అందుకోసం ఆ రోజు స్టాకు లెక్కించి ఖాతాలు ఆపాలి, లేదా సంవత్సరం లాభాన్ని కాలం ప్రకారమో అమ్మకాల ప్రకారమో విడగొట్టాలి. ఏది చేస్తారో, గుడ్‌విల్ లెక్క కాగితంతో పాటు కొత్త ఒప్పందపత్రానికి జతచేయండి. నమోదైన సంస్థ అయితే భాగస్వాముల మార్పుని రిజిస్ట్రార్ ఆఫ్ ఫర్మ్స్‌కి కూడా తెలియజేయండి.